నేను చూసింది ఇంతవరకే

దండల పెళ్లికి వెళ్లినవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇరువైపుల తల్లిదండ్రులు. పక్కన బల్ల మీద రెండు దండలు పెట్టిన పళ్లెం. సభాధ్యక్షుడు నాలుగు మాటలు చెప్పి, "వీళ్లిద్దరినీ ఒకరికొకరిని పరిచయం చేసిన మిత్రురాలిని మాట్లాడమని కోరుతున్నాను" అంటారు. ముందు వరుసలో కూర్చున్న ఒక మనిషి కాగితం పట్టుకుని లేచి, మైకు దగ్గరికి వెళ్తుంది. 2022లో ఒక పెళ్లిలో అలా లేచిన మనిషిని నేనే. ఆ నాలుగు నిమిషాల మాట కోసం పది రోజులు పనిచేశాను. అది ఎలాంటి మాటో, ఎలా సిద్ధం చేసుకోవాలో నాకు అప్పుడే తెలిసింది.

సంప్రదాయ పెళ్లిలో ఈ మాటకు చోటు లేదు, అవసరమూ లేదు. అక్కడ ప్రవర ఉంది. కన్యాదానం వేళ పురోహితుడు వరుడి గోత్రం చెప్పి, ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా చదువుతాడు. వధువు వైపు కూడా అలాగే చదువుతాడు. వచ్చినవాళ్లకు వీళ్లెవరో, ఎవరి సంతానమో సభాముఖంగా తెలిపే ఏర్పాటు అది. సంబంధం ఎలా కుదిరిందన్నది అక్కడ ఎవరూ అడగరు. మధ్యవర్తి పని నిశ్చయ తాంబూలాలతోనే అయిపోతుంది. పెళ్లినాడు ఆయన బంతిలో కూర్చునే అతిథి మాత్రమే.

మంత్రాలు వద్దనుకున్నవాళ్లు ప్రవరను కూడా వదులుకున్నారు. మన దగ్గర ఈ మార్పుకు పాత చరిత్రే ఉంది. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని ఉన్న కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాల స్థానంలో తెలుగులో 'వివాహ విధి' రాశారు, తానే పౌరోహిత్యం వహించి పెళ్లిళ్లు చేయించారు. పెళ్లిలో చెప్పే మాట పెళ్లి చేసుకునేవాళ్లకు అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. తర్వాత నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పెద్ద కూతురు మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆ పెళ్లితంతులో దేవుడన్న మాట బదులు సత్యమన్న మాట వాడటానికి గాంధీజీ ఒప్పుకున్నారు. పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు.

ఆ మార్పు గురించి నేను చాలా ఆలోచించాను. పాత పెళ్లికి అగ్ని సాక్షి. సేవాగ్రామ్ పెళ్లికి సత్యం సాక్షి. దండల పెళ్లిలో అగ్నిహోత్రం లేదు, అరుంధతి లేదు. అక్కడ మిగిలిన సాక్షులు మనుషులే. ఆ మనుషుల్లో అందరికంటే ముందునుంచి చూసినది పరిచయం చేసిన స్నేహితురాలు. అందుకే ఆమె మాటను నేను అభినందన ప్రసంగం అనుకోను. అది సాక్ష్యం. అలా అనుకోగానే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో చాలావరకు తేలిపోతుంది. సాక్షి తాను చూసింది చెబుతుంది. విన్నది చెప్పదు, ఊహించింది చెప్పదు, చూసినదానికంటే ఎక్కువ చెప్పదు.

చట్టం దగ్గర కూడా ఈ సాక్ష్యం నిజంగానే అవసరమవుతుంది. తమిళనాడులో 1967లో హిందూ వివాహ చట్టానికి 7-ఎ సెక్షన్ చేర్చారు కాబట్టి, బంధుమిత్రుల ముందు దండలు మార్చుకుని ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని చెబితే ఆ పెళ్లి చెల్లుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆ సెక్షన్ లేదు. ఆచారప్రకారం జరగాల్సిన క్రతువు జరగకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహ చట్టం కింద పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి మన దగ్గర దండల పెళ్లి చేసుకునేవాళ్లకు నికరమైన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. నోటీసు ప్రకటించిన తర్వాత 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి రావాలి. పెళ్లిరోజున వివాహాధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు, తమకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. రిజిస్టరులో ఆ ముగ్గురూ సంతకం చేయాలి. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. వేదిక మీద సభ జరగడానికి ముందురోజే ఆఫీసులో సంతకాలు అయ్యాయి. ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వేదిక మీద ఆవేశంలో, "ఈ క్షణం నుంచి మీరు దంపతులు" అని ప్రకటించే మిత్రులను చూశాను. అది మన పని కాదు. మనం చెప్పాల్సింది వాళ్లు ఇక్కడిదాకా ఎలా వచ్చారన్నది.

ఇక నేను రాసుకున్న మాట సంగతి. పెళ్లికూతురు మా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు, నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. పెళ్లికొడుకు మా ఆయన స్నేహితుడు, బ్యాంకు ఉద్యోగి, నన్ను వదినా అంటాడు. మొదటి రోజు కూర్చుని మూడు పేజీలు రాశాను. చదివితే ఏడు నిమిషాలు పట్టింది. అందులో మొదటి పేజీ అంతా ఇద్దరి చదువులు, ఉద్యోగాలు, ర్యాంకులు. రెండో పేజీలో ఇద్దరి సుగుణాలు. అసలు వాళ్లు ఎలా కలిశారన్నది మూడో పేజీలో ఎక్కడో ఉంది. ఎక్కువమంది ప్రసంగం ఇక్కడే దారి తప్పుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. రాసినదాంట్లో వాళ్ల పేర్లు తీసేసి ఇంకో జంట పేర్లు పెట్టి చదవాలి. అప్పుడు కూడా సరిపోయే వాక్యాలన్నీ కొట్టేయాలి. 'మంచి మనసున్న అమ్మాయి', 'బాధ్యత తెలిసిన అబ్బాయి' వంటివన్నీ అలా పోయాయి. మూడు పేజీల్లో ముప్పావు పేజీ మిగిలింది.

ఆ ముప్పావు పేజీ నిజమేనా అన్నది తర్వాతి ప్రశ్న. నాకు గుర్తున్నది ఒకటి, వాళ్లకు గుర్తున్నది ఇంకొకటి కావచ్చు. అందుకే ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. కలిపి అడిగితే ఒకరు చెప్పినదానికి ఇంకొకరు తల ఊపుతారు. నా లెక్క ప్రకారం వాళ్లిద్దరూ మొదటిసారి ఎదురుపడింది 2019 డిసెంబర్ 26న, సూర్యగ్రహణం నాడు. అమ్మాయి కూడా అదే చెప్పింది. అబ్బాయి మాత్రం, "లేదు వదినా, అంతకు నెల ముందే ఒక సభలో తను మాట్లాడుతుంటే వెనక వరుసలోంచి విన్నాను" అన్నాడు. ఆ సంగతి అమ్మాయికే తెలియదు. దాన్ని వేదిక మీద చెబితే ఎంత బాగుంటుందో అనిపించింది. కానీ అది నేను చూసింది కాదు. పైగా ఆ మాట ఆమెకు చెప్పాల్సినవాడు అతను, నేను కాదు. దాన్ని వదిలేసి, 'మొదటిసారి కలిశారు' అన్న చోట 'నేను పరిచయం చేశాను' అని దిద్దుకున్నాను. అలా దిద్దాక ఇద్దరి జ్ఞాపకాలతోనూ పేచీ లేదు.

తర్వాత కొట్టేసినవి రెండు. అమ్మాయికి అంతకుముందు ఒక సంబంధం దాదాపు కుదిరి తప్పిపోయింది. ఆ దిగులులో ఉన్న రోజుల్లోనే ఈ పరిచయం జరిగింది. కథకు అది బలం ఇస్తుందని నా మొదటి రాతలో దాన్ని సూచనగా పెట్టాను. సూచన అయినా సరే, పాత గాయాన్ని మూడు వందల మంది ముందు తాకినట్టే. వేదిక మీద అబ్బాయి వైపు మేనత్తలు, పెదనాన్నలు కూర్చుని ఉంటారు. వాళ్లలో ఎంతమందికి అది తెలుసో నాకు తెలియదు. తెలియనప్పుడు చెప్పకూడదు.

రెండోది కులం. వాళ్లది కులాంతర వివాహం. ఆదర్శ వివాహ వేదికల మీద ఆ మాటను గట్టిగా ప్రకటించడం రివాజు. ఆ ప్రకటన వెనక ఉన్న ఆశయాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఇద్దరి కులాల పేర్లు మైకులో చదివి చప్పట్లు కొట్టించడం వేరు. మొదటి వరుసలో కూర్చున్న తల్లి ఆ రోజు అక్కడికి రావడానికి ఎంత దూరం నడిచిందో ఆమెకే తెలుసు. కులం చెప్పాలా వద్దా అన్నది పెళ్లి చేసుకుంటున్నవాళ్లు తేల్చాలి. వీళ్లిద్దరినీ అడిగాను. "మేం ప్రమాణంలో మా మాటగా చెప్పుకుంటాం అక్కా, నువ్వు వద్దు" అంది అమ్మాయి. నా కాగితంలోంచి తీసేశాను. మిగిలిన రాతంతా పెళ్లికి నాలుగు రోజుల ముందు ఇద్దరికీ చూపించాను. వేదిక మీద వాళ్లకు కొత్తగా వినిపించే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదని నా నియమం.

నిదానంగా మాట్లాడితే నాకు నిమిషానికి వంద మాటలు రావు. నాలుగు నిమిషాలంటే మూడు వందల యాభై మాటలకు మించకూడదు. ఆ లెక్కన తిరగరాసి, ఒకవైపే, పెద్ద అక్షరాలతో, రెండు అట్టముక్కల మీద రాసుకున్నాను. పల్చటి కాగితమైతే చేయి వణికినప్పుడు మైకు దగ్గర చప్పుడు చేస్తుంది. మనసు పట్టి ఆగిపోతాననిపించిన చోట గీత గీసుకున్నాను. ఆ గీత దగ్గర ఊపిరి తీసుకోవాలని గుర్తు. సభాధ్యక్షుడితో ముందే మాట్లాడి, నా మాట దండలకు ముందు ఉండేలా చూసుకున్నాను. దండలు పడ్డాక ఫొటోలవాళ్లు ముందుకొస్తారు, జనం భోజనాల వైపు చూస్తారు. ఇక ఎవరు మాట్లాడినా వినపడదు. చివరికి నేను వేదిక మీద చెప్పింది ఇది:

"పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ అమ్మాయి, నేను ఒకే బడిలో పనిచేస్తాం. ఈ అబ్బాయి ఆరేళ్లుగా మా ఇంటికి వచ్చిపోయే మనిషి. వీళ్లిద్దరినీ ఒకరికొకరిని పరిచయం చేసింది నేను. అది ఎలా జరిగిందో చెప్పడానికి వచ్చాను.

2019 డిసెంబర్ 26, గురువారం. పొద్దున ఎనిమిది దాటాక సూర్యగ్రహణం మొదలైంది. మన దగ్గర పాక్షికంగానే కనిపించింది. గ్రహణం వేళ తినకూడదని, బయటికి రాకూడదని పిల్లలకున్న భయం పోగొట్టాలని మా బడి ఆవరణలో ఒక కార్యక్రమం పెట్టుకున్నాం. నేను ఇంటి దగ్గర ఇడ్లీలు వేసి పెద్ద గిన్నెతో తెచ్చాను. గిన్నె బరువని సాయంగా ఈ అబ్బాయి వచ్చాడు.

గ్రహణం చూసే కళ్లద్దాలు మా దగ్గర పది ఉన్నాయి. పిల్లలు డెబ్బై మందికి పైగా వచ్చారు. తోసుకోవడం మొదలైంది. అప్పుడు ఈ అమ్మాయి వంటగదిలోకి వెళ్లి పిండి జల్లెడ తెచ్చింది. దాన్ని ఎండలో పట్టుకుంది. కింద నేల మీద జల్లెడ నీడలో, ఒక్కో చిల్లుకు ఒక్కో చిన్న నెలవంక పడింది. వందల నెలవంకలు. పిల్లలు సూర్యుణ్ణి వదిలేసి నేల చూడటం మొదలుపెట్టారు.

చేయి నొప్పి పుట్టి ఆమె జల్లెడ దించబోతుంటే ఈ అబ్బాయి వెళ్లి అందుకున్నాడు. గంటకు పైగా పట్టుకుని నిలబడ్డాడు. తను మాత్రం నేల మీదికి చూడలేదు. చూడాలంటే వంగాలి, వంగితే జల్లెడ కదులుతుంది. అది గమనించి ఆమె, 'మీరు చూడలేదు కదా' అని జల్లెడ తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు నేను ఇద్దరి పేర్లూ ఇద్దరికీ చెప్పాను. నా పరిచయం అంతే. ముగ్గురం అక్కడే నిలబడి ఇడ్లీలు తిన్నాం. గ్రహణం ఇంకా విడవలేదు.

వారం తర్వాత అతను నా దగ్గరికి వచ్చి ఆమె ఫోన్ నంబరు అడిగాడు. అడిగి ఇస్తానన్నాను. ఆమెను అడిగాను. ఒకరోజు ఆలోచించుకుని ఇవ్వమంది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ నెలల్లో వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మరుసటి ఏడాది అమ్మాయి వాళ్లమ్మగారు మా ఇంటికి వచ్చారు. 'నీకు తెలిసినది చెప్పమ్మా, మంచీ చెడూ రెండూ' అన్నారు. నాకు తెలిసినది చెప్పాను. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడడని కూడా చెప్పాను. అదే మాట ఆయన ఎదుట కూడా చెప్పాను. ఆవిడ మజ్జిగ తాగి, సరేనమ్మా అని వెళ్లారు.

నిన్న రిజిస్టరులో సాక్షిగా సంతకం పెట్టాను. నేను చూసింది ఇంతవరకే. మిగిలింది వాళ్లిద్దరికే తెలుసు."

కోపం వస్తే మాట్లాడడన్న వాక్యం ఉంచాలా వద్దా అని చాలా ఆలోచించాను. అతనిదే ఆ నిర్ణయం. "అది నిజమే కదా వదినా, ఉంచండి" అన్నాడు. ఉంచడం మంచిదైంది. ఆ ఒక్క వాక్యం వల్ల మిగతా మాటలు కూడా నిజమేనని సభకు నమ్మకం కలిగింది. నేను మాట్లాడుతుండగా ముందు వరుసలో ఆ తల్లి ముఖం చూశాను. మా ఇంట్లో మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పటి బిగువు లేదు. అయితే ఆవిడ వచ్చిన సంగతి చెప్పడానికి ఆవిడ అనుమతి కూడా తీసుకున్నానని ఇక్కడ చెప్పాలి. పెళ్లి చేసుకునేవాళ్లు ఒప్పుకున్నంత మాత్రాన చాలదు. కథలో కనిపించే ప్రతి మనిషినీ అడగాలి. ఆవిడ మొదట వద్దన్నారు. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసి, "చెప్పమ్మా. అడిగి తెలుసుకునే చేశామని మావాళ్లకు కూడా తెలియాలి" అన్నారు.

ఈ మాటకు ఇంకో పరిమితి ఉంది. పరిచయం చేసిన మనిషికి ఆ పెళ్లి మీద హక్కేమీ రాదు. 'నేను లేకపోతే ఈ పెళ్లి లేదు' అన్న అర్థం ఎక్కడ తొంగిచూసినా సభలో ఇరువైపుల పెద్దలకు అది గుచ్చుకుంటుంది. నా రాతలో 'నేను' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకున్నాను. మొదటి రాతలో ముప్పై దాకా ఉన్నాయి. చివరిదాంట్లో ఐదు మిగిలాయి. అవి కూడా నా చేతిలో ఇడ్లీల గిన్నె ఉన్న చోట, సంతకం పెట్టిన చోట. జల్లెడ ఎవరు పట్టుకున్నారన్న చోట నేను లేను.

నేను వేదిక దిగి నా కుర్చీలో కూర్చునేసరికి ఇద్దరూ లేచి నిలబడ్డారు. ప్రమాణం వాళ్లే చదువుకున్నారు. అబ్బాయి తన వంతు చదువుతూ కాగితం దించి, అందులో లేని మాట ఒకటి ఆమెతో అన్నాడు. 2019 నవంబర్‌లో, వెనక వరుసలోంచి ఆమె ఉపన్యాసం విన్న సంగతి. ఆమె దండ పట్టుకున్న చేతులు కాసేపు అలాగే ఆగిపోయాయి.